మధ్య రౌటర్‌కు తెలియకపోవడమే ఎంపీఎల్ఎస్ బలం

ప్యాకెట్ మీద లేబుల్ అనే చిన్న నంబర్ వేసి, దారిలోని రౌటర్లు ఆ నంబర్ చూసే దాన్ని ముందుకు పంపే పద్ధతి ఎంపీఎల్ఎస్. అది ఎందుకని అడిగితే 'వేగం కోసం' అని చెప్పేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. 1990లలో ఆ మాటలో నిజం ఉండేది. అప్పట్లో ఐపీ అడ్రస్‌ను పట్టికలో వెతకడం రౌటర్‌కు భారం, చిన్న నంబర్‌ను వెతకడం తేలిక. ఇప్పటి చిప్‌లకు రెండూ ఒకటే. అయినా సర్వీస్ ప్రొవైడర్లు దాన్ని వదల్లేదు. వేలమంది కస్టమర్ల రూట్లను నెట్‌వర్క్ మధ్యలో ఉన్న రౌటర్లకు తెలియనివ్వకుండానే వాళ్ల ట్రాఫిక్‌ను మోయగలగడమే అసలు కారణమని నా అభిప్రాయం.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఒక ప్రొవైడర్‌కు హైదరాబాద్‌లోనూ విశాఖలోనూ కస్టమర్లను కలుపుకునే అంచు రౌటర్లు ఉన్నాయి. వాటినే పీఈ అంటారు. మధ్యలో విజయవాడ, రాజమండ్రిలలో కోర్ రౌటర్లు. ఒక బ్యాంకు విశాఖ శాఖలో 10.1.2.0/24 వాడుతోంది. అదే ఊళ్లో ఒక ఆసుపత్రి కూడా అచ్చంగా అదే అడ్రస్ వాడుతోంది. ఎవరైనా తమ నెట్‌వర్క్‌లో వాడుకోగల ప్రైవేట్ అడ్రస్‌లు కాబట్టి ఎవరినీ తప్పుపట్టలేం. మామూలు ఐపీ రౌటింగ్‌లో అయితే ఈ రెండూ ఢీకొంటాయి.

విశాఖ పీఈ ఏం చేస్తుందంటే, బ్యాంకుకు ఒక రౌటింగ్ పట్టిక, ఆసుపత్రికి ఒక పట్టిక విడివిడిగా పెట్టుకుంటుంది. ఆ పట్టికే వీఆర్ఎఫ్. తర్వాత బ్యాంకు రూట్‌కు 30, ఆసుపత్రి రూట్‌కు 31 అని లేబుల్ నంబర్లు ఇచ్చి, రౌటర్లు ఒకదానికొకటి రూట్లు చెప్పుకునే బీజీపీ ద్వారా హైదరాబాద్ పీఈకి చెబుతుంది. ఒకేలా ఉన్న రెండు అడ్రస్‌లు కలిసిపోకుండా ఒక్కోదాని ముందు ఒక గుర్తు తగిలిస్తుంది. ఈ సంభాషణ అంతా పీఈల మధ్యే. విజయవాడకు, రాజమండ్రికి దీని సంగతే తెలియదు.

ఇప్పుడు హైదరాబాద్ నుంచి బ్యాంకు ప్యాకెట్ బయలుదేరుతుంది. పీఈ దాని మీద ముందు 30 వేస్తుంది, దానిపైన 18 వేస్తుంది. 18 అంటే 'విశాఖ పీఈ వైపు' అని విజయవాడ ముందే చెప్పిన నంబర్. విజయవాడ 18 తీసి 24 వేస్తుంది. విశాఖకు ఇక ఒక్క అడుగే కాబట్టి రాజమండ్రి 24ను తీసేసి పంపుతుంది. మిగిలిన 30 చూసి, ఇది బ్యాంకుదని విశాఖకు తెలుస్తుంది. పార్సిల్ సంచి మీద ఊరి పేరు, లోపల పొట్లం మీద దుకాణం పేరు ఉన్నట్టే ఇది. దారిలో ఎవరూ లోపలి పొట్లం మీది పేరు చూడరు.

ఒక్కో లేబుల్ బరువు 4 బైట్లే, నంబర్‌కు అందులో 20 బిట్లు. దాని వల్ల ప్రొవైడర్‌కు కలిసొచ్చేది మాత్రం ఎక్కువ. 50 శాఖలను ఒకదానితో ఒకటి నేరుగా కలపాలంటే 1,225 లింకులు కావాలి. ఇక్కడ ఒక్కో శాఖకు దగ్గరి పీఈకి ఒక లింకు చాలు. కొత్త కస్టమర్ వస్తే కోర్ రౌటర్‌లో ఒక్క లైను కూడా మార్చక్కర్లేదు.

కోర్‌కు తెలియకపోవడం వల్లే ఒక చిక్కు కూడా ఉంది. నేను ఒకసారి రాత్రంతా టెన్షన్ పడింది దాని వల్లే. పీఈ నుంచి పీఈకి పింగ్ బాగానే వెళ్తోంది, బీజీపీ నిలబడే ఉంది, కస్టమర్ ట్రాఫిక్ మాత్రం ఒక్క ప్యాకెట్ కూడా దాటట్లేదు. చివరికి మధ్య రౌటర్‌లో ఈ వరుస కనబడింది:

```
show mpls forwarding-table
Local  Outgoing   Prefix
18     No Label   10.255.0.4/32
```

తర్వాతి రౌటర్ వైపున్న ఒక ఇంటర్‌ఫేస్‌లో ఎంపీఎల్ఎస్ ఆన్ చేయడం మరిచిపోయారు. పింగ్ ప్యాకెట్ మీద లేబుల్ పోయినా కింద ఐపీ అడ్రస్ ఉంటుంది, అది పీఈ అడ్రస్సే కాబట్టి కోర్ దాన్ని దాటించేస్తుంది. కస్టమర్ ప్యాకెట్‌కు పై లేబుల్ కింద ఇంకో లేబుల్ ఉంది. దాని అర్థం కోర్‌కు తెలియదు, అందుకే పారేస్తుంది. కాబట్టి మామూలు పింగ్‌ను నమ్మకూడదు, `ping mpls ipv4 10.255.0.4/32` వాడాలి. ఆ వరుసలో `Pop Label` అని ఉంటే భయం లేదు, అది చివరి అడుగుకు ముందు రౌటర్ మామూలుగా చేసే పనే.

కస్టమర్లకు ఒక విషయం గట్టిగా చెప్పాలి. ఎంపీఎల్ఎస్ వీపీఎన్‌లో వీపీఎన్ అనే పేరు ఉన్నా ఎన్‌క్రిప్షన్ లేదు. లేబుల్ మీ ట్రాఫిక్‌ను పక్కవాళ్ల ట్రాఫిక్ నుంచి వేరు చేస్తుందే తప్ప దాచదు. దారిలో ఫైబర్ మీద చూడగలిగినవాళ్లకు ప్యాకెట్ లోపలిది చదవడానికి వీలుంటుంది. 'ప్రైవేట్ లింకు కదా' అని ధీమాగా ఉన్న బ్యాంకు, తన రౌటర్ల మధ్య ప్యాకెట్లను ఎన్‌క్రిప్ట్ చేసే ఐపీసెక్ పెట్టుకోవాలి. అప్పుడు ప్యాకెట్ ఇంకా పెద్దదవుతుంది కాబట్టి, ఎంత పెద్ద ప్యాకెట్ ముక్కలవకుండా దాటుతుందో ప్రొవైడర్‌ను ముందే అడిగి, `ping 10.1.2.10 size 1500 df-bit` అని కొట్టి చూసుకోవాలి.