కార్డు, బిల్లు కాదు, బ్యాగు చూపించమనండి

బెంగళూరులో సెకండ్ హ్యాండ్ లూయీ విటాన్ స్పీడీ హ్యాండ్‌బ్యాగులు అమ్మేవాళ్లు "ఫుల్ సెట్ ఉంది మేడమ్, బాక్స్, డస్ట్ బ్యాగ్, బిల్లు, ఆథెంటిసిటీ కార్డు" అంటుంటే ఒళ్లు మండుతుంది. లూయీ విటాన్ తన బ్యాగులతో అసలు ఆథెంటిసిటీ కార్డే ఇవ్వదు. అంటే నమ్మకం కోసం చూపించే ఆ కార్డే అనుమానించాల్సిన వస్తువు. బయటి సంస్థ పరీక్షించి ఇచ్చిన సర్టిఫికెట్ వేరే సంగతి. అదైనా ఈ బ్యాగుకే ఇచ్చారా అని ఫోటోలతో పోల్చి చూసుకోవాలి.

బాక్సులు, డస్ట్ బ్యాగులు ఖాళీవే విడిగా ఆన్‌లైన్‌లో అమ్ముతారు. ఎవరైనా కొని ఏ బ్యాగునైనా అందులో పెట్టేయొచ్చు. బిల్లు ఇంకా తికమక పెడుతుంది, ఎందుకంటే అది నిజమైనదే అయ్యుండొచ్చు. జీఎస్‌టీ నంబరు కర్ణాటక కోడ్ 29తో మొదలైందనుకోండి, షాపు పేరూ సరిపోయిందనుకోండి. దాంతో తేలేది ఆ రోజు ఎవరో ఒక బ్యాగు కొన్నారని మాత్రమే. మీ చేతిలో ఉన్నది అదేనని కాదు.

ఒక ఉదాహరణ చూడండి. స్పీడీ 30, మోనోగ్రామ్, బిల్లు మీద 2013. లోపలి చిన్న తోలు పట్టీ మీద ఎస్‌డీ2134 అని కోడ్ ఉంది. 2007 నుంచి ఈ కోడ్‌లో ఒకటో, మూడో అంకెలు పక్కపక్కన పెడితే వారం, రెండో, నాలుగో అంకెలు పక్కపక్కన పెడితే సంవత్సరం. అంటే 23వ వారం, 2014. తయారుకాక ముందే అమ్ముడైన బ్యాగు ఎక్కడైనా ఉంటుందా? బిల్లు వేరే బ్యాగుది, లేదా కోడ్ దొంగది. ఎస్‌డీ5164 అని ఉంటే ఇంకా సులువు: ఏడాదిలో 56వ వారమే లేదు. కానీ కోడ్ సరిపోయినంత మాత్రాన బ్యాగు అసలుది అయిపోదు, నకిలీవాళ్లు సరైన కోడ్‌నీ కాపీ కొడతారు. 2021 మార్చి నుంచి కోడ్ స్థానంలో చిప్ వచ్చింది కాబట్టి కొత్త బ్యాగులో కోడ్ లేకపోవడం తప్పూ కాదు.

అందుకే బ్యాగునే తిప్పి తిప్పి చూడాలి. మోనోగ్రామ్ స్పీడీలో కాన్వాస్ ముందునుంచి అడుగు మీదుగా వెనక్కి ఒకే ముక్కగా వెళ్తుంది. అందువల్ల ఒకవైపు ఎల్‌వీ అక్షరాలు నిటారుగా, రెండోవైపు తలకిందులుగా ఉంటాయి. రెండువైపులా నిటారుగా ఉంటే ఆ స్పీడీని అక్కడే పెట్టేసి రండి. హ్యాండిల్ తోలుకి పూత ఉండదు, చెమటకీ ఎండకీ తేనెరంగు తిరుగుతుంది, అదీ చెయ్యి తగిలేచోట ఎక్కువగా. చెన్నై ఉక్కలో వాడినదైతే మరీ తొందరగా. ఆరేళ్లు రోజూ వాడామంటూ కొనలనుంచి మధ్యదాకా ఒకే లేత రంగు కనిపిస్తే, హ్యాండిల్ మార్పించారా అని అడగండి. మార్పించి ఉంటే రిపేర్ బిల్లు చూపించమనండి. బిల్లు నిజంగా పనికొచ్చేది ఇలాంటి చోటే.

కాబట్టి డబ్బు పంపేముందు నాలుగు ఫోటోలు అడగండి: ముందువైపు, వెనకవైపు, కోడ్ ఉన్న పట్టీ, హ్యాండిల్ కుట్టు మొదలయ్యే చోటు దగ్గరగా, అన్నీ పగటి వెలుతురులో. వాటికి బదులు మళ్లీ బాక్సు ఫోటోనే పంపితే ఆ బేరం వదిలేయండి.