గద్వాల చీర బిల్లులో ఏం రాసి ఉండాలి?

క్రీమ్ రంగు నూలు ఒళ్లు, ముదురాకుపచ్చ పట్టు అంచు, జరీ కొంగు. గద్వాల చీర అనగానే చాలామంది కళ్లముందు మెదిలేది ఇదే. ఇలాంటి చీరను ఒక దుకాణం 2,800 రూపాయలకు, పక్క దుకాణం 9,500 రూపాయలకు అమ్ముతున్నాయనుకుందాం. ఇద్దరూ చేనేతే అంటారు. కొనే మనిషి తక్కువ ధర చూసి మంచి బేరమనుకోవచ్చు, లేదా ఎక్కువ ధర చూసి అసలైనదని నమ్మవచ్చు. రెండు సందర్భాల్లోనూ మోసపోయే అవకాశం ఉంది. ధరలో ఏది దేని విలువో విడివిడిగా చూడటం తెలిస్తే తప్ప ఈ తికమక తీరదు.

ముందు నేత సంగతి చూద్దాం. గద్వాల చీర విలువంతా ఒంటికీ అంచుకూ మధ్యనున్న అతుకులో ఉంది. దాన్నే కుప్పడం అంటారు. అడ్డపోగును అటూ ఇటూ తీసుకెళ్లే నాడెలు అంచులకు రెండు, ఒంటికి ఒకటి, మొత్తం మూడింటితో నేస్తారు. ఒంటి అడ్డపోగు, అంటే పేక, అంచు దాకా వచ్చి, అంచు పేకతో మెలిక పడి వెనక్కి తిరిగిపోతుంది. ప్రతి పేకకూ ఇదే పని. అందుకే మగ్గం మీద నేతగాడికి తోడు మరో మనిషి కావాలి. చాలా ఇళ్లలో ఆ తోడు భార్యో, కొడుకో, కూతురో. ఆ మెలిక వల్లే అంచు రంగు అంత నిండుగా ఉంటుంది, ఒంటి పేక అంచులోకి చొరబడదు కాబట్టి.

మామూలు మరమగ్గం మీద ఒకే పేక ఈ కొస నుంచి ఆ కొస దాకా పోతుంది. అంచులో నిలువుగా ఉండే ఆకుపచ్చ పోగుల్లోకి, అంటే పడుగులోకి, క్రీమ్ పేక దూరడంతో అంచు కాస్త వెలిసినట్టు కనబడుతుంది. పై వైపు పడుగే ఎక్కువ తేలేలా నేసి ఆ తేడాను కప్పేస్తారు. కాబట్టి చీరను తిరగేసి, అంచు వెనక భాగాన్ని పగటి వెలుగులో చూడాలి. అక్కడ ఒంటి రంగు పోగులు అడ్డంగా కనబడితే అది కుప్పడం కాదు. నిజమైన కుప్పడంలో ఒళ్లూ అంచూ కలిసే గీత మీద వేలు పెట్టి రాస్తే చిన్న చిన్న మెలికల గరుకు తగులుతుంది.

అంచుల్లో ఉండే సూదిబెజ్జాలను చూపి ఇదే చేనేతకు రుజువు అని అమ్మేవాళ్లు చెబుతుంటారు. బట్ట బిగువు కోసం చేమగ్గం మీద గుచ్చే కర్ర ఆ బెజ్జాలు చేస్తుందన్నది నిజమే. కానీ మరమగ్గానికీ బట్టను లాగి పట్టే ముళ్ల చక్రాలుంటాయి, అవీ బెజ్జాలు చేస్తాయి. ఆ ఒక్క గుర్తును నమ్ముకుని డబ్బు పెట్టొద్దని మా మాట. ఈమధ్య అతుకు నేతను అనుకరించే యంత్రాలూ వస్తున్నాయి కాబట్టి, కుప్పడం కనబడినా మిగతా గుర్తులు కూడా చూసుకోవాల్సిందే.

ఇప్పుడు ఆ రెండు ధరల లెక్క తీద్దాం. ఇద్దరు మనుషులు ఐదు రోజుల్లో ఒక చీర దించారనుకోండి. మనిషికి రోజుకు 500 రూపాయలు వేసినా కూలి 5 వేలు. నూలు, అంచుకూ కొంగుకూ పట్టు, మామూలు రకం జరీ, రంగుల అద్దకం కలిపి మరో 2 వేలు వేయండి. చీర నేతగాడి గడప దాటేసరికే 7 వేలు. దుకాణం అద్దె, లాభం, పన్ను కలిస్తే 9,500 ఎక్కువేం కాదు. 2,800కు కుప్పడం చీర ఇస్తున్నామని ఎవరైనా చెబితే, ఆ ఇద్దరి ఐదు రోజుల కూలీ ఎక్కడికి పోయిందని అడగాలి. మరమగ్గం మీద ఒకే మనిషి నాలుగైదు మగ్గాలు చూసుకోగలడు, అవి చేమగ్గం కంటే ఎన్నో రెట్లు వేగంగా నేస్తాయి కూడా. ఆ ధర అక్కడ మాత్రమే గిట్టుబాటవుతుంది.

జరీ దగ్గర ఇంకా పెద్ద గందరగోళం ఉంది. అసలు జరీలో పట్టు పోగు చుట్టూ వెండి తీగ చుట్టి, దాని మీద బంగారు పూత పోస్తారు. టెస్టెడ్ జరీలో వెండికి బదులు వెండి పూతేసిన రాగి తీగ ఉంటుంది. ఇక ప్లాస్టిక్ జరీ అంటే లోహపు మెరుపు పట్టించిన పాలిస్టర్ రేకు. పైన చెప్పిన లెక్కలో వెండి జరీకి చోటే లేదని పాఠకులు గమనించే ఉంటారు. 9,500 రూపాయల చీరలో టెస్టెడ్ జరీ ఉండటం మోసం కాదు. టెస్టెడ్ జరీ పెట్టి, ప్యూర్ జరీ అని 25 వేలు తీసుకోవడం మోసం.

జరీ పోగు గీకితే లోపల ఎర్రదారం కనబడిందని, కాబట్టి అసలు జరీ అని చెప్పడం దుకాణాల్లో మామూలే. లోపలి దారానికి ఏ రంగైనా అద్దవచ్చు. పైగా గీకినప్పుడు బయటపడే రాగి కూడా ఎర్రగానే ఉంటుంది. కొంగు కుచ్చు నుంచి ఒక పోగు తీసుకుని, పైతీగ విప్పేసి లోపలి దారాన్ని కాల్చి చూస్తే కొంత తెలుస్తుంది. పట్టయితే వెంట్రుకలు కాలిన వాసన వచ్చి, బూడిద వేళ్ల మధ్య పొడి అవుతుంది. పాలిస్టర్ అయితే కరిగి గట్టి ఉండ కడుతుంది. అయితే వెండి ఎంతుందో దీంతో తేలదు. ఎక్కువ డబ్బు పెడుతున్నప్పుడు ఎక్స్‌రే యంత్రం మీద లోహాల శాతం చూపించమని అడగడమే మార్గం.

మరి ముద్రలు? ఒక్కో ముద్ర ఒక్క ప్రశ్నకే జవాబు చెబుతుంది. కేంద్ర పట్టు మండలి తరఫున 2004లో వచ్చిన సిల్క్ మార్క్ పట్టు స్వచ్ఛమైనదని మాత్రమే చెబుతుంది. మరమగ్గం మీద నేసిన పట్టుచీరకూ అది న్యాయంగానే దక్కుతుంది. 2006లో మొదలైన హ్యాండ్లూమ్ మార్క్ చేమగ్గం మీద నేశారని చెబుతుంది, జరీ ఏదో చెప్పదు. భౌగోళిక గుర్తింపు గద్వాల పేరును, అక్కడి నేత పద్ధతిని కాపాడుతుంది. సిల్క్ మార్క్ చూపించి చేనేత ధర అడిగితే అది వేరే ప్రశ్నకు జవాబు. జరీలో ఏముందో ఈ మూడింట్లో ఏదీ చెప్పకపోవడం పెద్ద లోటు.

మరమగ్గం చీర మీద మాకు ఏ చిన్నచూపూ లేదు. సిరిసిల్లలో వేల కుటుంబాలు దాని మీదే బతుకుతున్నాయి, రోజూ కట్టుకోవడానికి అది చవకైన, గట్టి చీర. మా అభ్యంతరం దాన్ని చేనేత పేరుతో అమ్మడం మీదే. చేనేత రిజర్వేషన్ చట్టం 1985లోనే వచ్చింది. చేమగ్గానికే రిజర్వు చేసిన రకాలను మరమగ్గం మీద నేస్తే అప్పట్లో ఆ చట్టంలో పెట్టిన శిక్ష ఆరు నెలల దాకా జైలు, లేదా మగ్గానికి 5 వేల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. ఆ చట్టం పట్టుకునేది నేయించేవాడినే. దుకాణంలో చేనేత అని చెప్పి అమ్మినవాడిని వినియోగదారుల కమిషన్‌కు ఈడ్వాలంటే కొన్నవాళ్ల చేతిలో కాగితం ఉండాలి. ఇప్పుడు ఇచ్చే బిల్లులో చాలాసార్లు ‘శారీ-1’ అని తప్ప ఇంకేమీ ఉండదు.

అందుకే రెండు తెలుగు రాష్ట్రాల చేనేత, జౌళి శాఖలను మేం అడుగుతున్నది ఇదీ. 5 వేల రూపాయలు దాటిన ప్రతి చీర బిల్లులో మూడు వివరాలు తప్పనిసరి చేయాలి. చేమగ్గమా మరమగ్గమా, ఒంటికీ అంచుకూ కొంగుకూ ఏ దారం వాడారు, జరీ ఏ రకం. ఆ నిబంధన వచ్చేదాకా కొనేవాళ్లే కౌంటర్ దగ్గర ఆగి, చేనేత, కుప్పడం, టెస్టెడ్ జరీ అని నోటితో చెప్పిన మాటలనే బిల్లు మీద రాసి సంతకం పెట్టమని అడగాలి. రాయడానికి వెనకాడే దుకాణంలో 9,500 రూపాయలు కట్టొద్దు.