సవరణ: ఇంటి బీమా మొత్తం లెక్క

“అమ్మకం ధరలోంచి స్థలం విలువ తీసేస్తే మిగిలేదే బీమా మొత్తమని రాశారు. మా పాత ఇంటికి ఆ డబ్బుతో మళ్లీ గోడలు లేస్తాయా?”

లేవవు. నేను రాసిన పద్ధతి తప్పు, అందుకు క్షమించండి. స్థలాన్ని మినహాయించడం సరైనదే కానీ, అలా మిగిలేది కొనేవారు పాత కట్టడానికి దాని వయసును బట్టి తగ్గించి కట్టే వెల మాత్రమే. ఇల్లు పాతదని మేస్త్రీ కూలి తగ్గించడు, సిమెంటు చవకగా రాదు.

అందుచేత ధరను పక్కనపెట్టి, బయటి గోడల అంచు నుంచి కొలిచిన ప్రతి అంతస్తు వైశాల్యాన్ని నేటి నిర్మాణ రేటుతో గుణించాలి. గదుల లోపలి కొలత తీసుకుంటే గోడల మందం లెక్కలోకి రాదు. దానికి ప్రహరీ, శిథిలాల తొలగింపు, ఇంజనీరు రుసుము కలపాలి. అయితే వీటిలో వేటికి పాలసీ విడిగా పరిమితి పెట్టిందో ముందే చూసుకోవాలి.

ఒక ఇల్లు 100 పాళ్లకు అమ్ముడవుతుందని, అందులో స్థలం 70 అని అనుకుందాం. నా పాత లెక్కన బీమా 30. తిరిగి కట్టడానికి మాత్రం నిర్మాణానికి 42, మిగతా ఖర్చులకు 8, మొత్తం 50 పాళ్లు కావాలి. అగ్నిప్రమాదంలో 20 పాళ్ల నష్టం జరిగిందంటే, బీమా మొత్తం తిరిగి కట్టే ఖర్చు కంటే తక్కువైతే పరిహారాన్నీ అదే నిష్పత్తిలో తగ్గించే యావరేజ్ క్లాజు పాలసీలో ఉన్నప్పుడు 20ని 30/50తో గుణించి 12 మాత్రమే ఇస్తారు. నష్టం బీమా మొత్తానికి లోబడే ఉన్నా, 8 పాళ్లు యజమానే భరించాలి.

నిర్మాణ రేటు మారుతుంది కనుక ఈ లెక్కను రెన్యువల్ చేసే ప్రతిసారీ తిరిగి వేయాలి.