ప్రీమియం చివర చూడండి, కో-పే ముందు చూడండి

ఆరోగ్య బీమా కొనబోయే కుటుంబాల్లో వాట్సాప్‌లో అటూ ఇటూ తిరిగేవి రెండు మూడు ప్లాన్ల స్క్రీన్‌షాట్లు. వాటిలో పెద్ద అక్షరాలతో కనిపించేది ప్రీమియం కాబట్టి చర్చ అక్కడే మొదలై అక్కడే ముగుస్తుంది. నిజానికి చివర చూడాల్సిన అంకె అదే.

ముందుగా రెండు స్క్రీన్‌షాట్లూ ఒకే ప్రశ్నకు జవాబులో కాదో తేల్చుకోవాలి. కుటుంబమంతటికీ కలిపి తీసుకునే ఫ్లోటర్‌లో ప్రీమియం సాధారణంగా అందరికంటే పెద్దవారి వయసును బట్టి ఉంటుంది. ఒకదాంట్లో 38 ఏళ్లు, ఇంకోదాంట్లో 35 ఏళ్లు నొక్కి ఉంటే పోలికకు అర్థం లేదు. ఒక తెర మీద ఏడాది ప్రీమియం, మరో తెర మీద మూడేళ్లది ఏడాదికి పంచి చూపిన మొత్తం ఉండొచ్చు. కవర్ 10 లక్షలని ఉండి ప్రీమియం మరీ తక్కువగా కనిపిస్తే "Deductible" అనే మాట కోసం వెతకండి. అది 5 లక్షలైతే మొదటి 5 లక్షల ఖర్చు మీదే. పైగా 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత, ఫ్లోటర్ ఆరోగ్య పాలసీలపై జీఎస్టీ లేదు. అంతకు ముందు తీసిన స్క్రీన్‌షాట్‌లో 18 శాతం కలిసి ఉండొచ్చు.

ఇప్పుడు ఒక లెక్క వేద్దాం. అంకెలు ఉదాహరణకే. భర్తకు 38 ఏళ్లు, షుగర్ ఉంది. భార్యకు 35, పిల్లలకు 10, 6. రెండు ప్లాన్లలోనూ కవర్ 10 లక్షలు. మొదటి ప్లాన్ 18,500 రూపాయలు, 20 శాతం కో-పే, అంటే పాలసీ ఒప్పుకున్న బిల్లులో అంత వాటా మనమే కట్టాలి. రెండోది 23,500, కో-పే లేదు. ఏడాదికి 5,000 మిగులుతుంది కదా అని చాలామంది మొదటిదే ఎంచుకుంటారు.

ఆసుపత్రి బిల్లు 4 లక్షలు అయిందనుకోండి. అందులో పాలసీ ఒప్పుకోని ఖర్చులు 20,000 తీసేస్తే 3,80,000 మిగులుతుంది. దాని మీద 20 శాతం, అంటే 76,000, మీ జేబులోంచే. 20,000 ఎలాగూ మీదే కాబట్టి మొత్తం 96,000. రెండో ప్లాన్‌లో ఆ 20,000 మాత్రమే కట్టాలి. ప్రీమియంలో మిగిలిన 5,000లను కూడబెట్టి ఈ 76,000 పూడ్చాలంటే పదిహేనేళ్లకు పైగా పడుతుంది. ఇంకోలా చూస్తే, అయిదేళ్లలో మిగిలేది 25,000. ఆ అయిదేళ్లలో అనుమతించిన క్లెయిములన్నీ కలిపి 1,25,000 దాటితే చాలు, చవక ప్లానే ఖరీదైనదవుతుంది. నలుగురున్న ఇంట్లో ఒక్క ఆపరేషన్ చాలు ఆ గీత దాటడానికి. కొంత డబ్బు పక్కన పెట్టుకోగలిగిన కుటుంబానికైనా నేను 20 శాతం కో-పే సిఫార్సు చేయను. బిల్లు ఎంత పెరిగితే మన వాటా అంత పెరుగుతుంది. నిర్ణీత మొత్తమైన డిడక్టబుల్‌కీ దీనికీ ఉన్న తేడా అదే.

కో-పే గడిలో "లేదు" అని ఉన్నా ఊరు సంగతి అడగాలి. కొన్ని ప్లాన్లు నగరాలను జోన్లుగా విడదీస్తాయి. నల్లగొండ పిన్‌కోడ్‌తో తక్కువ ప్రీమియానికి కొని హైదరాబాద్‌లో చికిత్స చేయించుకుంటే కో-పే పడే షరతు అలాంటి పాలసీల్లో ఉండొచ్చు. పెద్ద జబ్బుకు హైదరాబాద్ వెళ్లే కుటుంబాలు దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు.

వెయిటింగ్ పీరియడ్ అంటే క్లెయిం రావడానికి ముందు ఆగాల్సిన గడువు. ఆ గడిలో ఒకే అంకె ఉంటే అది ఏ వెయిటింగో కనుక్కోండి, ఎందుకంటే ఉండేవి మూడు. మొదటి 30 రోజులు ప్రమాదాలకు తప్ప దేనికీ క్లెయిం రాదు. హెర్నియా, కంటిశుక్లం, పిత్తాశయంలో రాళ్లు వంటి జాబితాలోని వాటికి సాధారణంగా రెండేళ్లు. ముందే ఉన్న జబ్బులకు గరిష్ఠంగా 36 నెలలు, 2024లో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ దీన్ని 48 నుంచి తగ్గించింది. తెర మీద "2 ఏళ్లు" అన్నది రెండో రకం అయితే, భర్త షుగర్‌కు మూడేళ్లు ఆగాల్సి రావొచ్చు. ఆ లోపు షుగర్ వల్ల కాలికి ఇన్ఫెక్షన్ వచ్చి చేరితే క్లెయిం తిరస్కరిస్తారు. డెంగీకి మాత్రం నెల దాటాక వస్తుంది. జాబితాలోని జబ్బు ముందే ఉంటే రెండింటిలో ఎక్కువ గడువే వర్తిస్తుంది. తర్వాత కవర్ పెంచుకుంటే పెరిగిన భాగానికి ఈ గడువులు మళ్లీ మొదలవుతాయి కాబట్టి, ఇప్పుడు 5 లక్షలు తీసుకుని తర్వాత చూద్దామనుకోవడం షుగర్ ఉన్న ఇంట్లో నష్టమే.

స్క్రీన్‌షాట్ ఒప్పందం కాదు. పాలసీతో వచ్చే కస్టమర్ ఇన్ఫర్మేషన్ షీట్‌లో కో-పే, వెయిటింగ్ వరుసలను దాని పక్కన పెట్టి చూడండి. షుగర్ సంగతి ప్రతిపాదన పత్రంలో నమోదైందో లేదో కూడా అప్పుడే చూసుకోవాలి. తేడా ఉంటే పాలసీ అందిన 30 రోజుల్లోపు రద్దు చేసుకోవచ్చు. బీమా ఉన్న రోజులకు ప్రీమియం, వైద్య పరీక్షల ఖర్చు, స్టాంపు రుసుము మినహాయించి మిగతాది తిరిగి ఇస్తారు.