వద్దు అనడానికి నాలుగు ముక్కలు రాస్తే రామాయణమా?

ఇందాక లంచ్‌లో జరిగింది, ఇంకా ఒళ్లు మండుతూనే ఉంది.

పొద్దున ఒక కన్సల్టెన్సీ అమ్మాయి ఫోన్ చేసింది. జావా రోల్, వారానికి ఐదు రోజులూ నానక్‌రామ్‌గూడ ఆఫీసులోనే. నేనుండేది ఉప్పల్. రోజూ ఆ చివర నుంచి ఈ చివరకి తిరిగితే కోడ్ రాసేదెప్పుడు, ట్రాఫిక్‌లోనా? పది నిమిషాల్లో వాట్సాప్ పెట్టాను:

"మేడం, రోల్ బాగుంది. కానీ ఐదు రోజులు ఆఫీసుకి రావడం నాకు కుదరదు, దయచేసి నా ప్రొఫైల్ క్లయింట్‌కి పంపొద్దు. హైబ్రిడ్ కానీ, పోచారం వైపు కానీ ఏదైనా ఉంటే తప్పకుండా చెప్పండి. మార్చిలో మా రిలీజ్ అయిపోతుంది, అప్పుడు మాట్లాడదాం."

ఇది చూసి మా టీంలో ఒకాయన ఒకటే నవ్వు. "ఇంత రామాయణం ఎందుకు బ్రో? ఆ నంబర్ నేను పోయిన వారమే బ్లాక్ చేశా."

మహానుభావుడు! ఆ "పంపొద్దు" అన్న మాట విలువ ఆయనకేం తెలుసు? రెండేళ్ల క్రితం ఇంకో కన్సల్టెన్సీ ఆవిడ ఫోన్ చేస్తే, నేను కూడా మొహమాటానికి "చూద్దాం మేడం" అని ఊరుకున్నా. ఆవిడ దాన్నే సరే అనుకుని సీవీ పంపేసింది. రెండు నెలలకి అదే కంపెనీలో మా బావమరిది రిఫర్ చేస్తే, "ఈ ప్రొఫైల్ ఆల్రెడీ వేరే వెండర్ పేరు మీద ఉంది" అని తిప్పి పంపారు. ఒకసారి ఎవరి పేరు మీద ఎక్కితే కొన్ని నెలలు వాళ్లదే. పైగా ఇంట్లో బావమరిది ముందు నా పరువు!

ఇంకొందరు తెలివిగా "జీతం చాలదు" అంటారు. సాయంత్రానికి ఆవిడ ఇంకో రెండు లక్షలు పెంచి తెస్తుంది. అప్పుడేం చెప్తావు నాయనా? అసలు కారణం చెప్తే, అది మారినప్పుడు నువ్వే గుర్తొస్తావు. ఉత్త "నాట్ ఇంట్రెస్టెడ్" అంటే మళ్లీ ఎవరు చేస్తారు?

అలాగని వాళ్లేమీ దేవతలు కాదు. మూడు రౌండ్లు పిండేసి, "ఫీడ్‌బ్యాక్ రాగానే చెప్తాం" అని మాయమైనవాళ్లు నా ఫోన్‌లో ఇంకా ఉన్నారు. తొంభై రోజుల నోటీసు అని మొదటి కాల్‌లోనే చెప్తే, చివర్లో "పదిహేను రోజుల్లో జాయిన్ అవుతారా సర్" అంటారు. మా మేనేజర్ వదిలితే రేపే వస్తానమ్మా! ఆయన నాకు సెలవు ఇవ్వడానికే పంచాంగం చూస్తాడు. పోయిన సంక్రాంతికి భోగి రోజు సాయంత్రం దాకా ల్యాప్‌టాప్ ముందే కూర్చోబెట్టాడు, అది మాత్రం మర్చిపోను.

ఇప్పుడే ఆవిడ జవాబు వచ్చింది: "థాంక్యూ సర్, మార్చిలో కాల్ చేస్తా. ఇదే రోల్‌కి మీ ఫ్రెండ్స్ ఎవరైనా ఉన్నారా?"

ఉన్నాడమ్మా. ఇదే జావా, ఉండేది కొండాపూర్, ఆరు నెలలుగా వేరే ఉద్యోగం వెతుకుతున్నాడు. మీ నంబరే బ్లాక్‌లో ఉంది.