రీగన్ చెప్పిన కథలో పతకం ఎవరిది?

1983 డిసెంబర్ 12న న్యూయార్క్‌లో, అమెరికా అత్యున్నత సైనిక పతకమైన మెడల్ ఆఫ్ ఆనర్ గ్రహీతల సభలో అమెరికా అధ్యక్షుడు రొనాల్డ్ రీగన్ ఒక కథ చెప్పారు. రెండో ప్రపంచ యుద్ధంలో దాడి చేసి తిరిగొస్తున్న బి-17 బాంబర్ దెబ్బతింది. విమానం అడుగున తుపాకీ గూడులాంటి టరెట్‌లో గాయపడ్డ కుర్రాడు ఇరుక్కుపోయాడు. కమాండర్ అందర్నీ దూకేయమన్నాడు. తనను వదిలేస్తున్నారని కుర్రాడు భయంతో అరిచాడు. అప్పుడు కమాండర్ కింద కూర్చుని వాడి చెయ్యి పట్టుకుని, ‘పర్లేదు బాబూ, ఇద్దరం కలిసే పోదాం’ అన్నాడు. చనిపోయాక ఆయనకు మెడల్ ఆఫ్ ఆనర్ ఇచ్చారని రీగన్ ముగించారు.

లార్స్-ఎరిక్ నెల్సన్ అనే పత్రికా రచయిత ఆ యుద్ధానికి ఇచ్చిన పతకాల రికార్డులన్నీ వెతికారు. అలాంటి పతకం ఒక్కటీ దొరకలేదు. 1944 నాటి ఒక యుద్ధ సినిమాలో మాత్రం ఇలాంటి సన్నివేశమే ఉంది.

మనుషులు వాదనల కంటే కథల ద్వారానే ఎక్కువగా ఒప్పుకుంటారని 1984లో కమ్యూనికేషన్ పండితుడు వాల్టర్ ఫిషర్ ప్రతిపాదించారు. కథకు ఆయన పెట్టిన పరీక్షలు రెండు: లోపల పొందిక ఉందా, బయటి నిజానికి కట్టుబడి ఉందా.

మొదటి పరీక్షలో రీగన్ కథ పాసవుతుంది. ఇద్దరూ చనిపోతే ఆ మాటలు ఎవరు విన్నారని చాలామంది అడుగుతారు. కానీ చివరగా దూకినవాడు చూశాడని రీగన్ ఆ ప్రసంగంలోనే చెప్పారు. పాత్రలు కూడా మనం ఊహించినట్టే నడుచుకుంటాయి. సినిమా సన్నివేశమైనా ఇంత పొందికగానే ఉంటుంది కదా! అందుకే పొందిక చూసి నమ్మేయడం ప్రమాదం.

రెండో పరీక్షలో ప్రతి వివరాన్నీ ఒకేలా పట్టుకోనక్కర్లేదు. వాదన బరువు ఏ వివరం మీద ఉందో చూడాలి. విమానం బి-17 కాకపోయినా నష్టం లేదు. పతకం అలా కాదు. ఎందుకంటే రీగన్ వెంటనే సోవియట్ యూనియన్‌తో పోల్చారు: వాళ్లు తమ అత్యున్నత గౌరవాన్ని స్టాలిన్ ప్రత్యర్థి ట్రాట్‌స్కీని చంపినవాడికి ఇచ్చారు, మనం ఇలాంటి త్యాగమూర్తికి ఇచ్చాం అని. ట్రాట్‌స్కీ హంతకుడికి ఆ గౌరవం దక్కడం నిజమే. పోలికలో రెండో వైపు మాత్రం ఖాళీ. ‘అందులోని భావం నిజమే కదా’ అనే సమర్థన ఇక్కడ చెల్లదు. రీగన్ చెప్పింది త్యాగం గొప్పదని మాత్రమే కాదు, ఒక దేశం ఫలానా పని చేసిందని.

నన్ను ఎక్కువగా బాధపెట్టే విషయం వేరే ఉంది. 1944 ఫిబ్రవరి 20న ఒక బి-17లో కో-పైలట్ చనిపోయాడు, పైలట్ స్పృహ తప్పాడు. మిగతావాళ్లు దూకేశారు. నావిగేటర్ వాల్టర్ ట్రూంపర్, టరెట్ గన్నర్ ఆర్చిబాల్డ్ మాథీస్ మాత్రం బతికున్న పైలట్‌ను వదిలి వెళ్లం అన్నారు. విమానాన్ని దింపబోతూ చనిపోయారు. ఇద్దరికీ మెడల్ ఆఫ్ ఆనర్ వచ్చింది. రీగన్ వాదనకు కావలసిన నిజం పేర్లతో, తేదీతో సహా ఆ రికార్డుల్లోనే ఉంది.