ఒకానొక ప్లాటు, సదరు ప్లాటు

ఇంగ్లిష్ దస్తావేజుల్లో 'ది' ఎక్కడ పడాలన్నది మనవాళ్లు వాస్తు చూసి నిర్ణయిస్తారని నా గట్టి నమ్మకం. లేకపోతే మనిషి పేరు ముందు 'ది' పెట్టి, ఆ మనిషి అమ్మే ప్లాటు ముందు తీసేయడానికి వేరే కారణం కనపడదు. డ్రాఫ్టులు దిద్దడం నా పని కాబట్టి ఇలాంటివి రోజూ చూస్తుంటాను. మా ఆఫీసులో ముప్పై ఏళ్లుగా దస్తావేజులు రాస్తున్న గుమాస్తా గారిని ఒకసారి అడిగాను, ఏ లెక్కన వేస్తారని.

"చూడు నాయనా, వాక్యం బోసిగా కనపడితే ఒక 'ది' వేస్తాను. మరీ నిండుగా ఉంటే తీసేస్తాను" అన్నారు.

ఇంత నిజాయితీగా ఇప్పటిదాకా ఏ వ్యాకరణ పండితుడూ చెప్పలేదు.

తెలుగులో ఆర్టికల్సే లేవు కదా, మనమేం చేస్తాం అని అందరూ అంటారు. ఇది శుద్ధ అబద్ధం, అపనింద కూడా. మనకి 'ది' ఉంది, దాని పేరు 'సదరు'. ఏ పాత దస్తావేజు తీసినా 'సదరు ఆస్తి', 'సదరు పైకం', 'సదరు హద్దులు' అని కనపడుతుంది. ఇంగ్లిష్ వాడు 'ది' చేత చేయించే పనిని మన దస్తావేజు లేఖరి 'సదరు' చేత చేయిస్తూనే వచ్చాడు. 'ఎ'కి బదులు మనకు 'ఒక' ఉంది, మరీ ఎవరో తెలియకపోతే 'ఒకానొక' కూడా ఉంది. తెలుగులో రాసేటప్పుడు 'సదరు'కీ 'ఒకానొక'కీ తేడా తెలిసిన గుమాస్తా గారికి, ఇంగ్లిష్ కీబోర్డు ముందు కూర్చోగానే ఆ తెలివి ఎటు పోతుందో నాకు అంతుపట్టదు.

మొన్న నా బల్ల మీదకి వచ్చిన అమ్మకపు ఒప్పందంలో ఒక వాక్యం ఉంది. 'వెండార్ అగ్రీస్ టు సెల్ ఎ ప్లాట్ ఇన్ ది సెయిడ్ లేఅవుట్ టు ది పర్చేజర్, అండ్ పర్చేజర్ షల్ పే ది బ్యాలెన్స్ టిల్ 31 మార్చ్.' చదవడానికి హాయిగానే ఉంది. తెలుగులోకి మార్చి మళ్లీ చదవండి: 'అమ్మకందారు సదరు లేఅవుట్‌లో ఒకానొక ప్లాటు అమ్ముతాడు.' ఏ ప్లాటు? కొనేవాడు రోడ్డు మూలమీద ఉన్న 47వ నంబరు చూసి, కొలిచి, వాళ్లావిడని తీసుకొచ్చి చూపించి మరీ బయానా ఇచ్చాడు. ఒప్పందం మాత్రం మురికికాలువ పక్కదైనా సరే, ఏదో ఒకటి ఇస్తే చాలంటోంది.

చివరి పేజీలో షెడ్యూలు ఉంది కదా, అందులో 47 అని, నాలుగు హద్దులతో సహా ఉంది కదా అంటారు. నిజమే. కోర్టు ఒక్క అక్షరం పట్టుకుని వేలాడదు, పత్రం మొత్తం కలిపి చదువుతుంది. షెడ్యూలు సరిగ్గా ఉంటే కొనేవాడు చాలావరకు గట్టెక్కుతాడు. అదీ లేకపోతే చిక్కు. 1872 నాటి ఇండియన్ కాంట్రాక్ట్ యాక్ట్ 29వ సెక్షన్ కింద ఒక ఉదాహరణ ఉంది: ఒకడు వంద టన్నుల నూనె అమ్ముతానన్నాడు, ఏ నూనో చెప్పలేదు, తెలుసుకునే దారీ లేదు, కాబట్టి ఆ ఒప్పందం చెల్లదు. నూనెకి పట్టిన గతి ప్లాటుకి పట్టకుండా ఉండాలంటే 'ఎ ప్లాట్' కొట్టేసి 'ది షెడ్యూల్ ప్రాపర్టీ' అని రాస్తే చాలు. అప్పుడు వాక్యమే చదివేవాడిని చేయి పట్టుకుని షెడ్యూలు దగ్గరికి తీసుకెళుతుంది.

మొదటిసారి 'ఎ', రెండోసారి 'ది' అని బళ్లో చెప్పిన సూత్రం ఇక్కడ ముంచుతుంది. కథలో ఒక రాజు మొదటిసారి 'ఎ కింగ్'గా వస్తాడు. ఒప్పందంలో ప్లాటు అలా కొత్తగా ఊడిపడదు, అది ఏదో ఇద్దరికీ ముందే తెలుసు, కాబట్టి మొదటి మాటలోనే అది 'సదరు'.

ఇదంతా గుమాస్తా గారికి చెప్పాను. ఆయన ఎంత శ్రద్ధగా విన్నారంటే, మర్నాటి డ్రాఫ్టులో 'ఎ' అన్నదే లేదు. 'ఇఫ్ ది పార్టీ డిఫాల్ట్స్' అని ఉంది. సదరు పార్టీ ఎవరండీ గుమాస్తా గారూ, ఉన్నది ఇద్దరు కదా అంటే, "ఎవరు మాట తప్పితే వాళ్లే" అన్నారు. సరిగ్గా అందుకే అక్కడ 'ఎ పార్టీ' ఉండాలి. ఇద్దరిలో ఎవరైనా అని చెప్పాల్సిన చోట 'ఒకానొక' అనే మాటకే విలువ.

ఇక 'టిల్'. ఇది మన 'వరకు' చేసిన నిర్వాకం. 'మార్చి 31 వరకు కట్టవచ్చు' అంటాం, ఎవరికీ ఇబ్బంది లేదు. దాన్ని అలాగే 'షల్ పే టిల్' అని దింపితే, ఆ రోజుదాకా కడుతూనే ఉండాలని అర్థం వస్తుంది, అద్దె కట్టినట్టు. ఒక్కసారి కట్టి వదిలించుకునే బాకీకి 'వరకు' పనికిరాదు, 'లోపు' కావాలి. మళ్లీ ఆ 'లోపు'ను పట్టుకెళ్లి 'బిఫోర్ 31 మార్చ్' అని రాస్తే 31 కాస్తా జారిపోతుంది, 30నే కట్టాలి. 'ఆన్ ఆర్ బిఫోర్' అని రాస్తే 31 కూడా లోపలే ఉంటుంది. మూడు మాటలు ఖర్చయినా, ఆఖరి రోజు డీడీ పట్టుకుని పరిగెత్తుకొచ్చినవాడికి అదే ఊపిరి.

'వితిన్ 30 డేస్ ఫ్రమ్ ది డేట్' అన్నదీ ఇలాంటిదే. మార్చి 1న సంతకాలైతే ఆ ఒకటో తేదీని లెక్కలో వేయాలా వద్దా? 1897 నాటి జనరల్ క్లాజెస్ యాక్ట్ 9వ సెక్షన్ చట్టాల్లో వచ్చే 'ఫ్రమ్' గురించి మొదటి రోజును వదిలేయమంటుంది. ఒప్పందాన్నీ అదే పద్ధతిలో లెక్కిస్తే గడువు మార్చి 31. మొదటి రోజును కలుపుకునేవాడికి 30. మన 'నుంచి' ఈ గొడవలో ఏ పక్షమూ వహించదు. అందుకే నేను రోజుల లెక్క కొట్టేసి తేదీనే వేస్తాను.

'సాక్షుల ఎదుట'ను 'ఇన్ ఫ్రంట్ ఆఫ్ విట్‌నెసెస్' అని రాయడం గురించి ఎక్కువ చెప్పను. సంతకం పెట్టేటప్పుడు సాక్షి పక్కన కూర్చుంటే దస్తావేజు ఏమవుతుందోనని నాకు టెన్షన్. 'ఇన్ ది ప్రెజెన్స్ ఆఫ్' అంటే ఎక్కడ కూర్చున్నా ఫరవాలేదు. 'కొన్నవారికి రాసిచ్చాను' అన్నదానికి 'ఇన్ ఫేవర్ ఆఫ్' రావాల్సిన చోట 'టు' అంటించడం కూడా మన 'కి' పుణ్యమే.

సంతకాలయ్యాక తప్పు బయటపడితే? ఇద్దరూ ఒప్పుకుంటే సవరణ పత్రం రాసుకోవచ్చు. ఒకరు అడ్డం తిరిగితే 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ యాక్ట్ 26వ సెక్షన్ కింద కోర్టుకెక్కి, మోసం వల్లనో ఇద్దరి పొరపాటు వల్లనో అసలు ఉద్దేశం కాగితం మీదకి రాలేదని రుజువు చేయాలి. ఒక్క 'ఎ' కోసం ఎన్ని వాయిదాలు తిరగాలో కక్షిదారుకి వివరించే బాధ్యత మాత్రం గుమాస్తా గారు ఎప్పుడూ నాకే వదిలేస్తారు.

ప్లాటు కేసులో అదృష్టం, సంతకాలయ్యాక చూసుకున్నా ఇద్దరూ మంచివాళ్లే, సవరణకు ఒప్పుకున్నారు. గుమాస్తా గారే ఉత్సాహంగా సవరణ పత్రం టైపు చేసి తెచ్చారు. మొదటి వాక్యం: 'ఎ మిస్టేక్ ఈజ్ దేర్ ఇన్ యాన్ అగ్రిమెంట్.'

ఏ తప్పు, ఏ అగ్రిమెంట్ అని అడుగుదామని తలెత్తాను. ఆయన అప్పటికే కింద స్టాంపు కాగితాల కోసం వెళ్లిపోయారు.